మీడియా కిట్‌లో సగటు వ్యూస్ వేయాలా, మధ్య సంఖ్య వేయాలా?

నమస్కారం అండీ. ఇన్‌స్టాగ్రామ్‌లో చిరుధాన్యాల వంటల పేజీ నడుపుతున్నాను, 8,400 మంది ఫాలోవర్లు. హైదరాబాద్‌లోనే అమ్మే ఒక చిన్న పిండ్ల కంపెనీకి పంపడానికి మొదటిసారి మీడియా కిట్ తయారుచేస్తున్నాను.

గత 12 రీల్స్‌లో ఒక్క జొన్న దోసె రీల్‌కే 2,10,000 వ్యూస్ వచ్చాయి. మిగతా 11 రీల్స్ మూడు వేల నుంచి నాలుగున్నర వేల మధ్యే ఆగాయి. అన్నీ కలిపి సగటు తీస్తే 20,800 దాకా వస్తోంది. వరసగా పేర్చి మధ్యలోది చూస్తే 3,600. సగటు వేస్తే రేపు వాళ్ల రీల్‌కి నాలుగు వేలే వచ్చినప్పుడు ఏం సమాధానం చెప్పాలి? అందుకే కిట్‌లో పైన 3,600నే పెట్టి, దోసె రీల్‌ని స్క్రీన్‌షాట్‌తో విడిగా చూపిద్దామనుకుంటున్నాను. దాన్ని చూసినవాళ్లలో చాలామంది ఫాలోవర్లు కాదు కూడా.

నా దగ్గర గట్టిగా ఉన్నవి రెండు: ఫాలోవర్లలో 41 శాతం హైదరాబాద్ వాళ్లే, మామూలు రీల్‌కి కూడా 150 దాకా సేవ్‌లు వస్తాయి. ఫాలోవర్ల సంఖ్య కంటే ముందు ఇవే పెట్టొచ్చా? ఎంగేజ్‌మెంట్ రేటును రీచ్ మీద లెక్కకట్టాలా, ఫాలోవర్ల మీదా? బ్రాండ్ల తరఫున ఇలాంటి కిట్‌లు చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.