ధూపం చూపుతూ చెప్పే "ధూరసి" మంత్రానికి అర్థం ఏమిటి?

రాధిక, తిరుపతి: శ్రావణమాసంలో మా ఇంట వరలక్ష్మీ వ్రతం చేయించిన పురోహితులు ధూపం చూపేటప్పుడు "ధూరసి ధూర్వ ధూర్వంతం" అనీ, దీపం చూపేటప్పుడు "ఉద్దీప్యస్వ జాతవేదః" అనీ చదివారు. నా చేతిలోని వ్రతపుస్తకంలో వీటి పక్కనే "వనస్పత్యుద్భవైః" అనే శ్లోకం ఉంది. చెట్లనుంచి పుట్టిన పరిమళాలు కలిసినది, దేవతలందరూ ఆఘ్రాణించదగినది అని ఆ శ్లోకం ధూపాన్ని గురించే చెబుతున్నదని నాబోటి వారికి కూడా తెలుస్తుంది. "ధూరసి"లో మాత్రం పొగ గానీ, పరిమళం గానీ నాకు ఎక్కడా కనబడలేదు. ఆ మాటకు అర్థం ఏమిటో, దానిని ధూపానికి ఎందుకు చెబుతారో తెలిసినవారు వివరించగలరా?

గోపాలకృష్ణ, చిత్తూరు: అమ్మా, ధూర్ అన్నా ధూమం అన్నా ఒకటే. "ఓ ధూమమా, మమ్మల్ని బాధించేవాణ్ణి బాధించు" అని ప్రార్థన. చివరన వచ్చే "వహ్నితమం" అంటే మిక్కిలి మండేది అని అర్థం. మనలోని దుర్వాసనలు పొగగా పోవాలని ధూపం, అజ్ఞానమనే చీకటి పోవాలని దీపం అని మా తాతగారు చెప్పేవారు.

వేంకటరమణ శర్మ, తిరుపతి: గోపాలకృష్ణగారు చెప్పినదానిలో బాధించేవాణ్ణి బాధించమనే భాగం సరైనదే. ధుర్వ్ అనే ధాతువుకు హింసించడమనే అర్థం ఉంది. కానీ ధూర్ అంటే ధూమం కాదు, బండి కాడి. మనం తెలుగులో రోజూ వాడే ధురంధరుడు అనే మాటలో ఉన్నది ఈ ధుర్ శబ్దమే. కాడిని మోయగలవాడు కనుక బరువైన పనిని నెత్తిన వేసుకోగలవాడు ధురంధరుడైనాడు. ఈ మంత్రం తైత్తిరీయ సంహిత మొదటి కాండలో, మొదటి ప్రపాఠకంలోని నాలుగవ అనువాకంలో ఉంది. అమావాస్య, పౌర్ణములకు చేసే దర్శపూర్ణమాస యాగంలో పురోడాశమనే హవిస్సు రొట్టెకు కావలసిన ధాన్యాన్ని బండిలోనుంచి తీసుకోబోయే ముందు యాగపు పనులు నడిపే ఋత్విక్కైన అధ్వర్యువు ఆ బండి కాడిని తాకి "నీవు ధూరువు" అంటాడు. ఆ తరువాతి మాటలు బండిని గురించినవి. అందుచేత అక్కడ "వహ్నితమం" అంటే మిక్కిలి మండేది అని కాక, హవిస్సును అందరికంటె బాగా మోసుకొనిపోయేది అని చెప్పుకోవాలి. వహ్ అంటే మోయడం. అగ్నికి వహ్ని అనే పేరు వచ్చింది కూడా మండుతున్నందుకు కాదు, మనమిచ్చినదాన్ని దేవతల దగ్గరకు మోస్తున్నందుకే.

రాధిక, తిరుపతి: శర్మగారూ, బండి కాడికి చెప్పిన మాట మా పూజగదిలోని సాంబ్రాణి దగ్గరకు ఎట్లా వచ్చింది?

వేంకటరమణ శర్మ, తిరుపతి: దీనికి రెండు సమాధానాలు వినిపిస్తాయి. శ్రౌతకర్మలో మంత్రాన్ని దాని అర్థాన్నిబట్టి వినియోగించినా, తరువాతి పూజావిధానంలో మొదటి అక్షరాల పోలికే చాలుననుకున్న సందర్భాలు ఉన్నాయి కనుక, "ధూ" అని మొదలవుతున్నందువల్లనే ఇది ధూపానికి చేరిందని కొందరంటారు. రెండవది నాకు ఎక్కువగా నచ్చిన సమాధానం. తైత్తిరీయ బ్రాహ్మణం ఈ మంత్రాన్ని వివరిస్తూ కాడిలో అగ్ని ఉన్నదనీ, దానిని తాకకుండా దాటిపోతే అధ్వర్యువునూ యజమానినీ దహిస్తుందనీ చెబుతుంది. కంటికి కనబడకుండా లోపల ఉన్న నిప్పుతో మాట్లాడుతున్న మంత్రమైతే, అది మంట లేకుండా లోపల రాజుకొనే ధూపానికి పరాయిది కాదు. అయితే పూజకు తెచ్చినవారు ఇంత ఆలోచించారని రుజువు చూపమంటే నేను చూపలేను.

మునిరత్నం, పలమనేరు: అయ్యా, నాకు సంస్కృతం రాదు గానీ కాడిలో నిప్పు ఉంటుందన్న మాటకు నేను సాక్ష్యం చెప్పగలను. మా నాయన కాలంలో చెరకు బండి తోలేవాళ్ళం. ఎండలో ఎత్తు ఎక్కించి ఆపి, కాడి పైకెత్తి చూస్తే ఎద్దు మూపు మీద వెంట్రుకలు రాలిపోయి, తోలు వాతపెట్టినట్టు ఎర్రగా కమిలి ఉండేది. చెయ్యి పెడితే జ్వరం ఒళ్ళు తాకినట్టు కాలేది.

వేంకటరమణ శర్మ, తిరుపతి: మునిరత్నంగారూ, శతపథ బ్రాహ్మణం ఇదే మాట అంటుంది. కాడిలో అగ్ని ఉన్నందువల్లనే లాగే పశువుల మూపు కాలినట్టుగా అవుతుందని చెబుతుంది. అది కవి చేసిన ఊహ అనుకున్నాను గానీ, చూసి చెప్పిన మాట అని మీరు వ్రాసినది చదివిన తరువాతనే నాకు తట్టింది.

నాగమణి, శ్రీకాళహస్తి: మీరందరూ ధూపం సంగతి మాట్లాడుతున్నారు కనుక అడుగుతున్నాను. మా ఇంట్లో సాంబ్రాణి వేసిన ప్రతిసారీ నల్లటి పొగ వచ్చి గోడ మసిబారుతున్నది, కళ్ళు మండుతున్నాయి. సరుకు కల్తీ అయి ఉంటుందా?

వేంకటరమణ శర్మ, తిరుపతి: అమ్మా, కల్తీ ఉంటే ఉండవచ్చు గానీ, ముందు బొగ్గులు చూడండి. మంట ఆరకముందే సాంబ్రాణి చల్లితే ఆ బంక అంటుకొని మండి మసి కక్కుతుంది. బొగ్గు పూర్తిగా ఎర్రబడి, పైన పలుచగా బూడిద కప్పిన తరువాత చిటికెడు వేస్తే మండకుండా కరిగి తెల్లని పొగ ఇస్తుంది. ఆ తెల్లని పొగలోనే వాసన ఉంటుంది. మీ ప్రశ్న మన చర్చకు బయటిది కూడా కాదు. ధూప ధాతువుకు వ్యాకరణం చెప్పిన అర్థం సంతాపం, అంటే కాగేటట్టు చేయడం. కాలిస్తే వచ్చేది పొగ, కాచితే వచ్చేది ధూపం అని నేను నా విద్యార్థులకు చెప్పేవాడిని.

గోపాలకృష్ణ, చిత్తూరు: ధూర్ విషయంలో నా పొరపాటును ఒప్పుకుంటున్నాను. కానీ పంచపూజలో ధూపాన్ని వాయువుకూ, దీపాన్ని అగ్నికీ చెబుతారు గదా? "యం వాయ్వాత్మికాయై ధూపం" అని లలితా సహస్రనామం చదివే ప్రతి ఇంటా వింటాము. తర్కశాస్త్రం ప్రకారం గంధం భూమి గుణం, వాయువుకు వాసనే లేదు. అప్పుడు పరిమళం కోసమే వేసే ధూపాన్ని వాయువుకు ఎట్లా ముడిపెట్టారు?

వేంకటరమణ శర్మ, తిరుపతి: ఇది గట్టి ప్రశ్న. భూమి గుణమైన గంధాన్ని అక్కడ చందనంగా వేరే సమర్పిస్తూనే ఉన్నారు. ధూపంలో లెక్కలోకి తీసుకున్నది వాసన కాదు, దాని ప్రయాణం అని నాకు తోస్తుంది. అమరకోశం వాయువుకు చెప్పిన పేర్లలో గంధవహుడు ఒకటి. తనకు లేని వాసనను మోసుకొనిపోయేవాడు. ఇక్కడా మళ్ళీ వహ్ ధాతువే వచ్చింది. రాధికగారు చెప్పిన దీపమంత్రంలో కూడా, నా దురవస్థను తొలగిస్తూ ప్రజ్వరిల్లు, నాకు పశువులను, జీవనాన్ని "ఆవహ", అంటే తెచ్చి ఇమ్మని జాతవేదుడైన అగ్నిని అడుగుతున్నాము. అందులో చీకటి ప్రస్తావన గానీ, జ్ఞానం ప్రస్తావన గానీ లేదు. దీపం మూడు లోకాల చీకటిని పోగొడుతుందనే మాట "సాజ్యం త్రివర్తిసంయుక్తం" శ్లోకంలోనిది. తాతగారి మాట తప్పు కాదు, అది శ్లోకం వైపునుంచి వచ్చింది. మంత్రం మాత్రం మంటను మోసుకొనిపోయి మోసుకొని వచ్చేదానిగానే చూస్తున్నది.

నాగమణి, శ్రీకాళహస్తి: మా ఊరి స్వామి వాయులింగం. లోపల గాలి ఆడని చోట కూడా ఒక దీపం రెపరెపలాడుతూ ఉంటుందనీ, అది స్వామి శ్వాస అనీ చిన్నప్పటినుంచీ విన్నాము, చూశాము. అక్కడ దీపం అగ్నికి గుర్తా, వాయువుకు గుర్తా?

గోపాలకృష్ణ, చిత్తూరు: పంచపూజ లెక్క అక్కడ పనిచేయదనిపిస్తున్నది. వాయువు కనబడడు కాబట్టి మంట ఆయనకు సాక్ష్యం చెబుతున్నదేమో.

మునిరత్నం, పలమనేరు: ఒక సంగతి ఇప్పుడే గుర్తుకు వచ్చింది. ఆయుధపూజ నాడు మా అమ్మ బండిని కడిగించి, కాడికి పసుపు రాసి బొట్లు పెట్టి, చిప్పలో నిప్పులు తెచ్చి ముందుగా ఆ కాడికే సాంబ్రాణి పొగ వేసేది. చక్రాలకు, నొగలకు తరువాతనే. ఎందుకు ముందు కాడికి అని మేము ఎన్నడూ అడగలేదు.