ఓకమ్ రేజర్: "సరళం" అంటే దేన్ని లెక్కపెట్టాలి?

అవసరానికి మించి ఊహలు కలపకూడదు, సరళమైన వివరణనే ఎంచుకోవాలి అనే ఓకమ్ రేజర్ గురించి చదువుతూ ఒకచోట ఇరుక్కుపోయాను. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

యురేనస్ లెక్క ప్రకారం ఉండాల్సిన చోట కనిపించకపోతే, ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త లెవెరియె న్యూటన్ గురుత్వ సూత్రాన్ని కదపకుండా ఇంకో గ్రహం ఉండి ఉంటుందన్నాడు. 1846లో ఆయన చెప్పిన చోటికి ఒక డిగ్రీ లోపే నెప్ట్యూన్ దొరికింది. తర్వాత బుధుడి కక్ష్య న్యూటన్ లెక్క కన్నా శతాబ్దానికి దాదాపు 40 ఆర్క్ సెకన్లు అదనంగా తిరుగుతోందని తేలింది. 1859లో మళ్లీ అదే మాట: సూర్యుడి దగ్గర కనబడనిదేదో ఉంది. వల్కన్ అని పేరు కూడా పెట్టేశారు (పాపం, లేని గ్రహానికి!). ఎంత వెతికినా దొరకలేదు. చివరికి 1915లో న్యూటన్ గురుత్వ సూత్రాన్నే ఐన్‌స్టీన్ మార్చాల్సి వచ్చింది.

1859లో ఉన్నవాళ్లకి ఒక్క గ్రహాన్ని కలపడమే కదా పొదుపు? ఐన్‌స్టీన్ గణితం చూస్తే తల తిరుగుతుంది, కానీ అందులో బుధుడి కోసం విడిగా సర్దిన అంకె ఒక్కటీ లేదు. మరి లెక్కపెట్టాల్సింది వస్తువులనా, సూత్రాలనా, మనం సర్దుకునే అంకెలనా? ఫలితం తెలియకముందే వల్కన్‌ని అనుమానించడానికి ఏమైనా దారి ఉండేదా? "సరళమైనదే నిజమయ్యే అవకాశం ఎక్కువ" అని మాత్రం చెప్పకండి, ఆ సలహా రెండుసార్లూ గ్రహం వైపే చూపించింది.