బ్యాంకుకు పెట్టిన మెసేజ్‌ని లేఖగా మార్చాను, గడువు వాక్యం చూసి చెప్పగలరా?

అసలు మెసేజ్: "సార్, నా పేరు సవరణ ఏమైంది? నెలన్నర దాటింది, ఎన్నిసార్లు తిరగాలి? త్వరగా చూడండి."

మేనేజరుకు లేఖగా ఇలా మార్చాను:

"విషయం: పొదుపు ఖాతాలో పేరు సవరణ – మార్చి 3 నాటి దరఖాస్తు, రసీదు సంఖ్య ____ – జ్ఞాపిక.

అయ్యా, పై దరఖాస్తుపై ఇంతవరకు సమాచారం అందలేదు. మార్చి 18న, ఏప్రిల్ 2న స్వయంగా వచ్చి విచారించాను. దరఖాస్తు ఏ దశలో ఉందో, ఇంకా ఏవైనా పత్రాలు కావాలో 15 రోజుల్లోగా లిఖితపూర్వకంగా తెలియజేయగలరు.

జతపరచినవి: దరఖాస్తు, రసీదు నకళ్లు."

"ఎన్నిసార్లు తిరగాలి" అన్న విసుగు తీసేసి వెళ్లిన తేదీలు పెట్టాను. కోపానికి ఫైలులో చోటుండదు, తేదీకి ఉంటుంది. "త్వరగా" అంటే "పరిశీలనలో ఉంది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, అందుకే జవాబు చెప్పక తప్పని ప్రశ్నలు అడిగాను.

సందేహం ఒక్కటే. "15 రోజుల్లోగా", "తెలియజేయగలరు" పక్కపక్కన పెడితే ఆజ్ఞా, అభ్యర్థనా తేలడం లేదు. "తెలియజేయవలసిందిగా కోరుతున్నాను" అంటే నప్పుతుందా? పై అధికారికి ప్రతి ఇప్పుడే పంపాలా, గడువు దాటాక రెండో లేఖతోనా? ఆఫీసుల్లో ఇన్‌వర్డ్ చూసేవాళ్లు చెబితే మేలు.