కెర్నింగ్‌ని తెలుగులో ఏమందాం? (TELANGANA బ్యానర్లో L పక్కన పడ్డ గొయ్యి)

అక్షరకూలి:
నాకు ఒక మాట కావాలి, దాంతోపాటు ఒక చిక్కు కూడా తీరాలి. చేనేత ప్రదర్శనకి బ్యానర్ చేస్తున్నాను. పైన ఇంగ్లీషు పెద్దక్షరాల్లో TELANGANA, కింద తెలుగులో మిగతా వివరాలు. టైపు చేసి దూరం నుంచి చూస్తే TEL ANGANA అని రెండు ముక్కలుగా కనిపిస్తోంది. ఎవరో అంగన పేరు అనుకుంటారు. విచిత్రం ఏంటంటే, స్కేలు పెట్టి కొలిస్తే L కాలి కొసకీ A కాలికీ మధ్య దూరమే అన్నిటికంటే తక్కువ! ఇలా రెండేసి అక్షరాల మధ్య ఖాళీని సరిచేయడాన్ని కెర్నింగ్ అంటారట. దీనికి తెలుగు మాట ఉందా? లేకపోతే ఏం పెడదాం?

మందారం:
జంట అక్షరాల గురించే కదా? క్ష, జ్ఞ టైపు చేస్తే నాకూ విడిపోతున్నాయి. ఫాంట్ మార్చండి, సరిపోతుంది.

అక్షరకూలి:
కాదండీ, జంటాక్షరాలు వేరు. ఇది పక్కపక్కన నిలబడ్డ రెండు ఇంగ్లీషు అక్షరాల మధ్య సందు సంగతి.

పదకోశం పిచ్చి:
కెర్న్ అంటే గింజ, కెర్నెల్‌లో ఉన్నదే. కాబట్టి "గింజకట్టు" అనొచ్చు.

సీసం చేతులు:
గింజ కాదు బాబూ. అది ఫ్రెంచి "కార్న్" నుంచి వచ్చింది, మూల, పొడుచుకొచ్చిన కొస అని అర్థం. దాని వెనకున్న లాటిన్ మాటకి తలుపు కీలు అని అర్థం. సీసపు అక్షరానికి కింద ఒక దిమ్మ ఉంటుంది. వాలు అక్షరాల్లో చిన్న ఎఫ్ ముక్కు ఆ దిమ్మ దాటి పక్కకి పొడుచుకొస్తుంది. ఆ ముక్కునే కెర్న్ అనేవారు. పక్కనున్న అక్షరం తగిలితే అదే ముందు విరిగేది. నేను ప్రెస్సులో కంపోజిటర్‌గా చేసినన్నాళ్ళూ "కెర్నింగ్ చెయ్యి" అని ఎవరూ అనగా వినలేదు. "సందు చూడు" అనేవాళ్ళు.

ఇక మీ చిక్కు. కొలిచారు చూడండి, తప్పు అక్కడే జరిగింది. కన్ను చూసేది కాళ్ళ మధ్య దూరం కాదు, రెండు అక్షరాల మధ్య చిక్కుకున్న తెలుపు మొత్తం. L కి కాలు పక్కకి చాపి ఉంటుంది, పైనంతా ఖాళీ. A కింద వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నం. ఈ రెండు ఖాళీలూ కలిసి ఒక గొయ్యి అవుతాయి. అక్షరాలు ఎంత దగ్గరికి జరిపినా కాళ్ళు రెండూ తగులుతాయేగానీ గొయ్యి పూడదు.

అందుకని గొయ్యిని తగ్గించాలని కూర్చోకండి, మిగతా సందుల్ని దాని స్థాయికి పెంచండి. సీసంలో మాకు వేరే దారే లేదు, దిమ్మ తగిలాక ఇంకేం జరుపుతాం? మిగతా అక్షరాల మధ్య సన్నటి ఇత్తడి రేకులో, కాయితం ముక్కలో దూర్చేవాళ్ళం. మరీ పెద్ద అక్షరాలైతే ఆకురాయితో దిమ్మ మూల అరగదీసేవాళ్ళూ ఉన్నారు. నాకు మాత్రం ఆ ధైర్యం లేదు, అక్షరం పాడైతే జీతంలో పడుతుంది.

బెజవాడ బుల్లోడు:
మా ఊరి పేరుకి ఆ బాధ లేదు. VIJAYAWADA లో AYA, AWA వాలుగీతలు ఒకదాని ఒళ్ళో ఒకటి కూర్చుంటాయి. ఫాంట్‌లోనే ఆ జతలకి మైనస్ రాసి పెట్టి ఉంటారు. మీరు InDesign లో Metrics తీసేసి Optical పెట్టండి చాలు, చేత్తో ఏం చెయ్యక్కర్లేదు.

సీసం చేతులు:
సగం నిజం. మీ ఊరి పేరులో వాలు పక్కన వాలు వస్తుంది కాబట్టి లోపలికి జరపొచ్చు. LA లో కాలికి కాలే ఎదురు, జరగడానికి చోటు లేదు. ఇదే పేరుకీ పేరుకీ తేడా. Optical ఆకారం చూసి లెక్క కడుతుంది. జతల పట్టిక సరిగా లేని ఫాంట్‌కైతే అది మేలు. మంచి ఫాంట్‌లో మాత్రం దాన్ని చేసినవాళ్ళు కూర్చుని దిద్దిన జతల్ని కూడా పక్కన పెట్టేస్తుంది. బ్యానర్ అంత సైజుకి చివరికి కన్నే దిక్కు. మీ ఊరి బోర్డుల మీద కూడా A, W మధ్య బండి పట్టేంత సందు చాలాచోట్ల చూశాను. అవన్నీ కెర్నింగ్ ఆపేసి తీసినవే అనుకుంటాను.

బెజవాడ బుల్లోడు:
బోర్డుల జోలికి రాకండి మాస్టారూ, మీదీ మాదీ మళ్ళీ గొడవైపోతుంది :)

అక్షరకూలి:
మాస్టారు చెప్పినట్టే చేశాను. 72 పాయింట్ల నమూనా తీసుకుని ముందు అన్ని అక్షరాలకీ కలిపి ట్రాకింగ్ 80 పెంచాను. అంటే సైజులో వెయ్యికి 80 వంతులు, 72 మీద దాదాపు 5.8 పాయింట్లు. ఆ తర్వాతే జతల దగ్గరికి వచ్చాను. కర్సర్ రెండు అక్షరాల మధ్య పెట్టి ఆల్ట్, బాణం నొక్కితే ఒక్కోసారి 20 జరిగింది. అది ఎక్కువ అనిపించి ఆఖర్లో అంకె చేత్తో కొట్టాను. LA కి మైనస్ 50. ట్రాకింగ్ వల్ల చోటొచ్చింది కాబట్టి ఇప్పుడు కాళ్ళు తగల్లేదు. TE లో T చెయ్యి కింద ఖాళీ ఉంది, మైనస్ 15. మిగతావి ముట్టుకోలేదు. మొదట వరస తప్పి ముందు జతలు దిద్ది, తర్వాత ట్రాకింగ్ పెంచాను. మళ్ళీ అన్నీ దిద్దుకోవాల్సి వచ్చింది.

సీసం చేతులు:
బాగుంది. ఇప్పుడు దాన్ని తలకిందులుగా తిప్పి చూడు. మాటగా చదవలేవు కాబట్టి తెలుపు ఒక్కటే కనిపిస్తుంది. లేదా చేత్తో మూసుకుంటూ మూడేసి అక్షరాలే చూడు: TEL, ELA, LAN. మధ్య అక్షరం ఏదో ఒక పక్కకి ఒరిగినట్టుంటే అక్కడ పని మిగిలినట్టే.

వెబ్ వెంకట్రావు:
నాదో ప్రశ్న. మా సంఘం సైటులో ఇలాగే పెద్దక్షరాల శీర్షికని దూరం చేస్తే, మధ్యలో ఉండాల్సింది కాస్త ఎడమకి జరిగినట్టుంది. భ్రమా?

అక్షరకూలి:
భ్రమ కాదండీ. బ్రౌజర్లు ఆ ఖాళీని చివరి అక్షరం తర్వాత కూడా పెడతాయి. ఆ కనపడని ముక్కతో కలిపి మధ్యకి తెస్తాయి కాబట్టి మాట దాంట్లో సగమంత పక్కకి పోతుంది. అంతే ఖాళీ కుడివైపు వెనక్కి తీసుకుంటే సర్దుకుంటుంది.

```
h1 {
  font-kerning: normal;
  letter-spacing: 0.08em;
  margin-right: -0.08em;
}
```

మందారం:
అదే 0.08 కింద తెలుగు వాక్యానికి కూడా పెట్టొచ్చా?

అక్షరకూలి:
నేనైతే పెట్టను. మన అక్షరాలు గుండ్రంగా, వత్తులతో ఉంటాయి, విడదీస్తే పూసలు తెగినట్టుంటుంది. ఇంగ్లీషులో కూడా చిన్నక్షరాల్ని ఇలా దూరం చెయ్యరు, పెద్దక్షరాలకే ఇది.

పదకోశం పిచ్చి:
గింజ వెనక్కి తీసుకున్నా. మాట సంగతి మర్చిపోయాం. ట్రాకింగ్‌కి "వరస ఎడం", కెర్నింగ్‌కి "జంట ఎడం" ఎలా ఉంది?

బెజవాడ బుల్లోడు:
జంట ఎడం అంటే ఎడమ పక్కనున్న జంట అనుకుంటారు. పైగా మందారం గారు మళ్ళీ క్ష దగ్గరికి వెళ్తారు.

సీసం చేతులు:
"సందు దిద్దడం" అనండి. ప్రెస్సులో అందరికీ అర్థమయ్యేది.

పదకోశం పిచ్చి:
అది క్రియ మాస్టారూ, నాకు మెనూలో పెట్టడానికి నామవాచకం కావాలి. సందుదిద్దు?

అక్షరకూలి:
మాట మీరు తేల్చండి. నేను A4 కాగితాలు అతికించి గోడకి పెట్టి పది అడుగుల దూరం నుంచి చూశాను. LA దగ్గర గొయ్యి పోయింది, అంగన మాయం. ఇప్పుడేమో చివరి NA వదులుగా కనిపిస్తోంది. మా ఆవిడకి మాత్రం అలా ఏం లేదట.