మూడు మందులు వాడినా దిగని బీపీ: నాలుగో మాత్ర ముందా, పరీక్షలు ముందా?

రామంతపూర్ కుర్రాడు
నాన్నకి 58 ఏళ్లు. బీపీకి మూడు మందులు వాడుతున్నారు: టెల్మిసార్టాన్ 40, ఆమ్లోడిపిన్ 5, నీళ్ల మాత్ర హైడ్రోక్లోరోథయజైడ్ 12.5. అయినా ఆస్పత్రిలో 164/98 వచ్చింది. క్రియాటినిన్ 1.0, పొటాషియం 3.4. ఒక డాక్టర్ నాలుగో మాత్ర రాస్తానన్నారు, ఇంకొకరు ముందు హార్మోన్ పరీక్షలు చేయించమన్నారు. ఏది ముందు?

మందుల షాపు మల్లేశ్
నాలుగో మాత్రే తమ్ముడూ. స్పైరోనోలాక్టోన్ 25. మూడు మందులకు లొంగని వాళ్లకి దీన్నీ, బిసోప్రోలాల్‌నీ, డాక్సాజోసిన్‌నీ, మందు లేని ఉత్త మాత్రనీ మార్చి మార్చి ఇచ్చి చూశారు. 2015లో వచ్చిన పాత్‌వే-2 ట్రయల్ అది. అందులో ఇదే గెలిచింది. పొటాషియం 3.4 తక్కువ అంటారా, నీళ్ల మాత్ర వేసుకునే వాళ్లకి అది మామూలే. స్పైరోనోలాక్టోన్ దాన్ని కూడా పైకి తెస్తుంది. పరీక్షలకి వేలు పోయడం దేనికి?

నాచారం ఆంటీ
మా ఆయనకీ ఇంతే బాబూ. ఏళ్ల తరబడి ఒకే మందు వాడితే ఒంటికి అలవాటైపోతుంది, అప్పుడిక పనిచేయదు. మేం కంపెనీ మార్చాం, నెలలో దిగింది. ఉప్పు కూడా మానేసి, సోడియం తక్కువ ఉండే ఉప్పు తెచ్చుకున్నాం. మీరూ కంపెనీ మార్చి చూడండి.

సికింద్రాబాద్ ఫిజీషియన్
ఆంటీ, క్రిములు యాంటీబయాటిక్‌కి మొండికేసినట్టు ఒళ్లు బీపీ మందుకు మొండికేయదు. కంపెనీ మారిన కొత్తలో అంకుల్ ఒక్క పూట కూడా వదలకుండా వేసుకుని ఉంటారని నా అనుమానం!

బాబూ, ఇద్దరు డాక్టర్లూ ఒక మెట్టు దాటేశారనిపిస్తోంది. మూడు మందులు పూర్తి మోతాదులో, రోజూ పడుతున్నా దిగకపోతేనే దాన్ని మొండి బీపీ అంటాం. ఇక్కడ మూడూ సగం మోతాదులే. కాబట్టి ముందు నాలుగు సంగతులు చూసి చెప్పండి.

భుజానికీ మోచేతికీ మధ్య చేతి చుట్టుకొలత ఎంత? మామూలు పట్టీ 32 సెంటీమీటర్ల దాకానే సరిపోతుంది. లావు చేతికి అదే చుడితే బీపీ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. సరైన పట్టీతో ఇంట్లో ఏడు రోజులు, పొద్దున మాత్రలకు ముందు, మళ్లీ సాయంత్రం, అయిదు నిమిషాలు కూర్చున్నాక రెండేసి సార్లు చూడండి. మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీయండి. మాత్రలు వేసుకుంటున్నారా అని నాన్నని అడగొద్దు, స్ట్రిప్పుల్లో మిగిలినవి లెక్కపెట్టండి. నొప్పి మాత్రలేమైనా వాడుతున్నారా? గురక ఉందా?

రామంతపూర్ కుర్రాడు
ఎనిమిది రోజుల తర్వాత వస్తున్నాను మేడమ్. చేయి 36 సెంటీమీటర్లు. పెద్ద పట్టీ కొన్నాం. ఇంటి సగటు 151/93.

స్ట్రిప్పులు లెక్కపెడితే గుట్టు బయటపడింది. టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ సరిగ్గానే ఉన్నాయి. నీళ్ల మాత్రలు మాత్రం ముప్పైలో 17 మిగిలాయి. నాన్న రామంతపూర్ నుంచి జీడిమెట్ల దాకా బస్సులో డ్యూటీకి వెళ్తారు. దారిలో ఒంటికి వస్తే ఎక్కడ దిగాలని, డ్యూటీ ఉన్న రోజుల్లో మానేస్తున్నారట. ఈ సంగతి ఏ డాక్టర్‌కీ చెప్పలేదు.

ఇంకోటి, మోకాళ్లకి అసెక్లోఫెనాక్ రోజూ వేసుకుంటున్నారు. చీటీ లేకుండానే ఇస్తారు కదా, మల్లేశన్నా! గురక పక్కింటికి కూడా వినిపిస్తుంది. బస్సులో కూర్చుంటే చాలు, కునుకే.

మందుల షాపు మల్లేశ్
నా షాపులో ఇవ్వను తమ్ముడూ, పక్క షాపులో ఇస్తారు. 😀 మరింకేం, అంతా తేలిపోయింది. నొప్పి మాత్ర ఆపి, నీళ్ల మాత్ర రోజూ వేస్తే సరి. పరీక్షల ఊసే అక్కర్లేదు.

సికింద్రాబాద్ ఫిజీషియన్
నొప్పి మాత్ర ఆపాలి, అందులో సందేహం లేదు. అది కిడ్నీలో ఉప్పునీ నీళ్లనీ పట్టి ఉంచుతుంది, టెల్మిసార్టాన్‌నీ నీళ్ల మాత్రనీ సరిగ్గా పనిచేయనివ్వదు. నొప్పికి పారాసిటమాల్ చూడండి.

కానీ ఆ స్ట్రిప్పు లెక్క వల్ల పరీక్ష అవసరం తగ్గలేదు, పెరిగింది. పొటాషియం నీళ్ల మాత్ర వల్ల పడిందన్నారు మల్లేశ్ గారు. ఆ మాత్ర సగం రోజులు పడనే లేదు కదా. ఇటు టెల్మిసార్టాన్, అటు అసెక్లోఫెనాక్, రెండూ పొటాషియంని కాస్త పైకి తోసేవే. అవి రోజూ పడుతున్నా 3.4 దగ్గర ఉందంటే, దాన్ని కిందికి లాగుతున్నది ఇంకేదో ఉంది. వాంతులు, విరేచనాలు లేకపోతే నేను మొదట అనుమానించేది ఆల్డోస్టెరాన్‌ని. కిడ్నీ మీదుండే అడ్రినల్ గ్రంథి ఆ హార్మోన్‌ని మోతాదు మించి వదిలితే ఉప్పు ఒంట్లో నిలుస్తుంది, పొటాషియం మూత్రంలో పోతుంది.

అందుకే స్పైరోనోలాక్టోన్ మొదలుపెట్టకముందే ఆల్డోస్టెరాన్‌కీ, దాన్ని వదలమని కిడ్నీ నుంచి వచ్చే సంకేతం రెనిన్‌కీ ఒకేసారి రక్తం ఇవ్వాలి. ఒకసారి మొదలుపెడితే పరీక్ష కోసం కనీసం నాలుగు వారాలు ఆపాల్సి వస్తుంది. పొటాషియం తక్కువగా ఉంటే ఆల్డోస్టెరాన్ కూడా తక్కువ చూపిస్తుంది కాబట్టి, మీ డాక్టర్‌తో చెప్పి ముందు దాన్ని 4 దగ్గరికి తెప్పించండి. పొద్దున లేచి రెండు గంటలు తిరిగాక, కాసేపు కూర్చుని రక్తం ఇవ్వాలి. టెల్మిసార్టాన్ ఆపనక్కర్లేదు. అది రెనిన్‌ని పెంచే మందు. అది పడుతున్నా రెనిన్ అడుగంటి ఉంటే నా అనుమానం ఇంకా గట్టిపడుతుంది.

రక్తం ఇచ్చాక మోతాదుల సంగతి: టెల్మిసార్టాన్ 80, నీళ్ల మాత్రగా హైడ్రోక్లోరోథయజైడ్ బదులు క్లోర్తాలిడోన్ 12.5. దాని పని రోజంతా ఉంటుంది, డ్యూటీ నుంచి వచ్చాక వేసుకున్నా ఫర్వాలేదు. ఆమ్లోడిపిన్ 10కి పెంచితే కాళ్ల వాపులు వస్తాయేమో చూడాలి. గురకపెట్టేవాళ్లకి నిద్రలో ఊపిరి ఆగుతున్నా బీపీ దిగదు, దానికి నిద్ర పరీక్ష వేరే చేయించండి.

మందుల షాపు మల్లేశ్
మేడమ్, లెక్కలో నేను తప్పాను, ఒప్పుకుంటా. కానీ ఆల్డోస్టెరాన్ ఎక్కువైనా ఇచ్చేది స్పైరోనోలాక్టోనే కదా! ఆటో నడుపుకునేవాడు ఆ పరీక్షకి డబ్బు ఎక్కడినుంచి తెస్తాడు?

సికింద్రాబాద్ ఫిజీషియన్
ఒకవైపు గ్రంథిలోనే చిన్న గడ్డ ఉంటే ఆపరేషన్‌తో పొటాషియం బాగుపడుతుంది, బీపీ మందులు కూడా తగ్గొచ్చు. కొందరికి పూర్తిగా మానేయొచ్చు. పరీక్ష చేయకపోతే ఆ దారి ఉందని కూడా తెలియదు. పైగా మగవాళ్లు ఈ మాత్ర ఏళ్ల తరబడి వాడితే కొందరికి రొమ్ములు నొప్పెడతాయి, ఉబ్బుతాయి. అప్పుడు చెప్పకుండా మానేస్తారు.

పరీక్షకి నిజంగా వీలు కాని వాళ్లకి మీ మాట కొట్టిపారేయను. మూడు మందులూ సరైన మోతాదుకి తెచ్చినా దిగకపోతే, కిడ్నీ బాగుండి పొటాషియం 4.5 దాటకుండా ఉన్నవాళ్లకి స్పైరోనోలాక్టోన్ 25 నేనూ ఇస్తాను. కాకపోతే మొదలుపెట్టిన వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత మళ్లీ ఒకసారి పొటాషియం, క్రియాటినిన్ చూసే షరతు మీద. ఆంటీ చెప్పిన ఆ ఉప్పులో సోడియం బదులు ఉండేది పొటాషియమే. టెల్మిసార్టాన్, స్పైరోనోలాక్టోన్ రెండూ వాడుతూ అది కూడా వేసుకుంటే పొటాషియం ప్రమాదకరంగా పెరగొచ్చు, గుండె లయ తప్పొచ్చు.

నాచారం ఆంటీ
అయ్యో, మా ఆయన టెల్మిసార్టాన్ వాడుతున్నారు, కిడ్నీ కూడా కొంచెం వీక్ అన్నారు. ఆ ఉప్పు ఆపేయమంటారా?

సికింద్రాబాద్ ఫిజీషియన్
ఈ రోజే ఆపండి ఆంటీ, రేపే పొటాషియం చూపించండి.

మందుల షాపు మల్లేశ్
వారం తర్వాత, నెల తర్వాత రక్తం ఇవ్వడానికి ఎంతమంది తిరిగొస్తారు మేడమ్? నా కౌంటర్ దగ్గర చూస్తున్నా కాబట్టి అడుగుతున్నా.

రామంతపూర్ కుర్రాడు
పొటాషియం 4.1కి వచ్చింది. గురువారం పొద్దున రక్తం ఇస్తున్నాం. నీళ్ల మాత్ర సాయంత్రం వేసుకోవచ్చని చెబితే నాన్న అన్న మాట ఒకటే: "ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా."