జంపర్ కేబుల్ ఆఖరి క్లిప్పు పెట్టగానే నిప్పురవ్వ లేచింది, ఎక్కడ తప్పు జరిగింది?

కాజీపేట పాఠకురాలు:
మాది ఆరేళ్ల పెట్రోలు కారు, బ్యాటరీకి నాలుగేళ్లు. సంక్రాంతికి ఊరెళ్లి పంతొమ్మిది రోజుల తరువాత తిరిగి వచ్చి సెల్ఫ్ కొడితే టిక్ టిక్ మని చప్పుడు వచ్చి, మీటరులోని దీపాలన్నీ మసకబారి ఆరిపోయాయి. పక్క ఫ్లాటులో ఉండే అన్నయ్య తన కారు తెచ్చి, ఇంజను నడుస్తూ ఉండగానే కేబుళ్లు తగిలించారు. ముందు రెండు ఎర్ర క్లిప్పులు, తరువాత తన బ్యాటరీ మైనస్‌కు ఒక నల్ల క్లిప్పు పెట్టి, చివరి నల్ల క్లిప్పును నా బ్యాటరీ మైనస్‌కు ఆనించగానే చిటుక్కున పెద్ద నిప్పురవ్వ లేచింది. ఆయన ఉలిక్కిపడి క్లిప్పు వదిలేశారు, అది జారి రేడియేటరు పక్కన పడింది. రెండోసారి గట్టిగా పెట్టాక కారు స్టార్ట్ అయింది. అయితే ఆ రవ్వ మామూలేనా, లేక మేము వరుస తప్పామా? సెల్లారులో గాలి ఆడదు కనుక భయంగా ఉంది.

నిజాంపేట డ్రైవింగ్:
వరుసలో మీ తప్పు ఏమీ లేదండి. ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు, అంతే. నేను పదేళ్లుగా చివరి క్లిప్పును నేరుగా డౌన్ అయిన బ్యాటరీ మైనస్‌కే పెడుతున్నాను, ఏనాడూ ఏమీ కాలేదు. ఇంజను బాడీకి పెట్టమని పుస్తకాలలో రాస్తారు కానీ అక్కడ రంగు, గ్రీజు ఉండి కరెంటు సరిగ్గా అందదు, సెల్ఫ్ ఈడ్చుకుంటూ తిరుగుతుంది. రవ్వ వచ్చిందంటే మీకు సాయం చేసిన బ్యాటరీ బలంగా ఉందని అర్థం.

ఆటోనగర్ పాతకాపు:
విజయవాడ ఆటోనగర్‌లో పాతికేళ్లుగా కార్ల వైరింగు పని చేస్తున్నాను. నిజాంపేట గారు రంగు గురించి చెప్పినది పూర్తిగా నిజం, మిగిలిన దానితో నేను ఏకీభవించలేను.

అమ్మా, నాలుగు క్లిప్పులలో రవ్వ వచ్చేది దాదాపు ఎప్పుడూ ఆఖరి దానికే, ఎందుకంటే అది తగిలే వరకు కరెంటు తిరిగి వెళ్లే దారి ఉండదు. పడుకున్న బ్యాటరీలో పది వోల్టులే మిగిలి ఉండి, అవతల ఇంజను నడుస్తూ పద్నాలుగు ఇస్తూ ఉంటే, తగిలిన క్షణంలోనే కరెంటు ఒక్కసారిగా ఉరుకుతుంది. ఆ రవ్వను పూర్తిగా మాన్పలేకపోవచ్చు, కానీ అది ఎక్కడ రావాలో మనం నిర్ణయించవచ్చు. బ్యాటరీ ఛార్జ్ అవుతున్నప్పుడు లోపల నీరు విడిపోయి హైడ్రోజన్ పుడుతుంది, అది మూతల దగ్గరి సన్న రంధ్రాల నుంచి బయటకు వస్తుంది. గాలిలో నూటికి నాలుగు పాళ్లు చేరితే చాలు, రవ్వకు అంటుకుంటుంది. అందుకే ఆఖరి నల్ల క్లిప్పును బ్యాటరీకి వీలైనంత దూరంగా, రంగు లేని ఇంజను ఇనుముకు పెట్టమంటారు.

ఒక వేసవిలో మా వీధిలోనే, నీళ్లు తగ్గిపోయిన బ్యాటరీ మీద ఒక కుర్రవాడు రవ్వ రేపితే పైమూత పగిలి యాసిడ్ అతని చొక్కా మీద చిమ్మింది. కళ్లద్దాలు ఉండబట్టి చూపు దక్కింది, ఒళ్లంతా పావుగంట సేపు నీళ్లతో కడిగాము. నీళ్లు తగ్గిన బ్యాటరీలో ప్లేట్ల పైన ఖాళీ ఎక్కువ, ఆ ఖాళీలో నిలిచేది గ్యాసే. పదేళ్లు ఏమీ కాలేదంటే ఆ పదేళ్లలో గ్యాసు, రవ్వ ఒకచోట కలవలేదని మాత్రమే అర్థం.

క్లిప్పు జారి పడింది అన్నారే, నాకు దాని గురించే ఎక్కువ దిగులు. అది మీ ప్లస్‌ను తాకి ఉంటే అవతలి బ్యాటరీ పూర్తిగా షార్ట్ అయ్యేది. కేబుళ్లు పెట్టేటప్పుడు రెండు ఇంజన్లూ ఆపి, తాళాలు తీసి, లైట్లు, ఏసీ ఆపి ఉండాలి. రెండు కార్ల బాడీలు ఒకదానికొకటి తగలకూడదు. తగిలితే మైనస్ దారి అప్పటికే కలిసిపోయి, రవ్వ రెండో ఎర్ర క్లిప్పు దగ్గరే, అంటే బ్యాటరీ పక్కనే లేస్తుంది. సెల్లారుల్లో ఇరుకు వల్ల బంపర్లు ఆనించి పెట్టడం నేను చాలాసార్లు చూశాను.

గోదావరి స్కూటర్:
నాదీ ఇదే సమస్య. నా స్కూటరు సెల్ఫ్ తీసుకోవడం లేదు. మా బావగారి కారు నుంచి ఇదే పద్ధతిలో జంప్ చేయవచ్చా? అలాగే ఇంట్లోని ఇన్వర్టరు బ్యాటరీతో కూడా అవుతుందా?

ఆటోనగర్ పాతకాపు:
స్కూటరుకు కిక్ ఉంటే కిక్ కొట్టండి, కేబుళ్ల అవసరమే ఉండదు. రెండూ పన్నెండు వోల్టులవే అయినా స్కూటరు బ్యాటరీ చాలా చిన్నది, కాబట్టి తప్పనిసరైతే కారు ఇంజను ఆపి ఉంచి మాత్రమే, కొద్ది సెకన్ల పాటు పెట్టాలి. ఇన్వర్టరు బ్యాటరీని సెల్ఫ్ కోసం తయారు చేయలేదు, దాన్ని మోసుకు రావడంలో యాసిడ్ ఒలికే ప్రమాదం కూడా ఉంది. లారీలు, బస్సుల దగ్గర మాత్రం అసలు అడగవద్దు, వాటిలో చాలా వరకు ఇరవై నాలుగు వోల్టులు.

మిన్నెసోటా తెలుగువాడు:
మా దగ్గరి అనుభవం ఒకటి చెబుతాను. జనవరిలో రాత్రి బయట నిలిపిన కారు ఉదయం లేవలేదు. కేబుళ్లు తీసి తగిలించబోతుంటే, పక్కింటి పెద్దాయన ఆపి బ్యాటరీ పక్కల వైపు చూడమన్నారు. రెండు వైపులా ఉబ్బి ఉంది. నిండుగా ఛార్జ్ ఉన్న బ్యాటరీ ఇక్కడి చలిని తట్టుకుంటుంది కానీ, ఖాళీ అయిన దానిలో యాసిడ్ పలుచబడి నీటికి దగ్గరవుతుంది కనుక లోపల గడ్డకడుతుంది. గడ్డకట్టినదాన్ని జంప్ చేస్తే పగిలే ప్రమాదం ఉందని ఆయన చెప్పారు. దాన్ని తీసి ఇంటిలోపల కరిగించి చూస్తే డబ్బాకు సన్నని పగులు కనిపించింది, చివరకు కొత్తది కొన్నాను. మీ ఊళ్లలో గడ్డకట్టడం ఉండదు కానీ ఉబ్బిన బ్యాటరీ, కుళ్లిన గుడ్డు వాసన వస్తున్న బ్యాటరీ అక్కడ కూడా కేబుల్ పెట్టవలసినవి కావు.

కాజీపేట పాఠకురాలు:
అందరికీ ధన్యవాదాలు. నాలుగు రోజులకే కారు మళ్లీ పడుకుంది, ఈసారి నేనే చేశాను. ఏమి చేశానో వరుసగా రాస్తున్నాను, తప్పుంటే చెప్పండి.

ముందు టార్చి వేసి బ్యాటరీ చూశాను, ఉబ్బు లేదు, తడి లేదు, వాసన లేదు. అన్నయ్య గారి కారును ఒక మూర దూరంలో ఆపించాను, రెండు తాళాలు తీసేశాము. ఎర్ర క్లిప్పు ముందు నా బ్యాటరీ ప్లస్‌కు పెట్టి, రెండో ఎర్ర కొనను ఏ ఇనుముకూ తగలకుండా చేతిలో పట్టుకెళ్లి ఆయన ప్లస్‌కు పెట్టాను. తరువాత నల్లది ఆయన మైనస్‌కు. ఆఖరి నల్ల కొన కోసం చోటు వెతకడానికే ఎక్కువ సమయం పట్టింది. బానెట్ కింద కనిపించినవన్నీ రంగు వేసినవో, ప్లాస్టిక్కో. చివరకు ఇంజనును ఎత్తడానికి ఉండే ఇనుప కొక్కెం దొరికింది, అది బ్యాటరీకి రెండు అడుగుల దూరంలో, ఫ్యాన్ బెల్టుకు అడ్డు లేకుండా ఉంది. ముఖం పక్కకు తిప్పుకుని ఒకేసారి గట్టిగా పట్టించాను. రవ్వ కంటికి కనిపించీ కనిపించనంత చిన్నదిగా వచ్చింది.

ఆయన ఇంజను స్టార్ట్ చేసి ఏడు నిమిషాలు ఆగాము. మొదటిసారి సెల్ఫ్ కొడితే బద్ధకంగా తిరిగి ఆగిపోయింది. అప్పుడు కొక్కెం మీది క్లిప్పును కాస్త అటూ ఇటూ కదిలించి పళ్లు దిగేలా చేశాక రెండోసారికే లేచింది.

నిజాంపేట డ్రైవింగ్:
క్లిప్పు కదిలించాక లేచిందంటే నేను చెప్పిన మాటే కదండీ, బాడీ ఎర్తు సరిగ్గా అందదు.

ఆటోనగర్ పాతకాపు:
అందుకే పళ్లు దిగేలా పట్టించమంటాను తప్ప, బ్యాటరీ మైనస్‌కు మార్చమని చెప్పను. ఒక్క సవరణ ఏమిటంటే, బిగించిన క్లిప్పు కదిపితే అది కూడా రవ్వే, కాబట్టి కదిపే ముందు రెండు తాళాలూ ఆపాలి. ఎర్తు కంటే కేబుళ్ల మందం వల్ల వచ్చే ఇబ్బందులే నేను ఎక్కువగా చూశాను. చవక కేబుళ్లకు తొడుగే లావు, లోపల తీగ సన్నం. సెల్ఫ్‌కు నూరు నూటయాభై ఆంపియర్లు కావాలి, అది సన్న తీగలో పోతే దారిలోనే ఒకటి రెండు వోల్టులు పోతాయి. సెల్ఫ్ కొట్టాక కేబుల్ పొడవునా చేతికి వేడిగా తగిలితే అది చాలడం లేదని గుర్తు.

మీరు తీసేటప్పటి వరుస రాయలేదు, నాకు అదే ముఖ్యం. పెట్టేటప్పటి కన్నా తీసేటప్పుడే బ్యాటరీ దగ్గర గ్యాసు ఎక్కువగా ఉంటుంది, ఎందుకంటే అప్పటికి అది కొన్ని నిమిషాలుగా ఛార్జ్ అవుతూ ఉంది. కారు లేచిన సంతోషంలో చాలామంది చేతికి అందిన క్లిప్పు లాగేస్తారు.

కాజీపేట పాఠకురాలు:
ముందు కొక్కెం మీది నలుపు, తరువాత ఆయన మైనస్, ఆయన ప్లస్, చివరగా నా ప్లస్ తీశాను. తీసే ముందు అన్నయ్య గారు చెప్పారని నా హెడ్‌లైట్లు, బ్లోయరు వేశాను. అది అవసరమా?

ఆటోనగర్ పాతకాపు:
మంచి పని చేశారు. కేబుల్ తెగిన క్షణంలో వోల్టేజి ఎగిరితే దాన్ని ఆ లైట్లు, బ్లోయరు కొంత మింగుతాయి, కంప్యూటరు బాక్సుకు రక్షణ. కానీ నాలుగు రోజుల్లో మళ్లీ పడుకుందంటే కారణం వేరే ఉంది. మీటరు ఉంటే, ఒక రాత్రి కదపకుండా ఉంచి ఉదయం కొలవండి.

కాజీపేట పాఠకురాలు:
నలభై నిమిషాలు నడిపి నిలిపాక, ఉదయానికి 12.2 ఉంది. మా అబ్బాయి సెల్ఫ్ కొడుతుండగా చూస్తే 8.9కి పడింది. నిరుడు పెట్టించిన డ్యాష్ కెమెరాకు నేరుగా వైరు ఇచ్చారని ఇప్పుడు గుర్తొచ్చింది.

ఆటోనగర్ పాతకాపు:
నిండు బ్యాటరీ 12.6 చూపాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు తొమ్మిదిన్నర కిందికి పడితే నేను బ్యాటరీనే అనుమానిస్తాను, కానీ ఇంత తక్కువ ఛార్జ్‌లో కొలిచింది కాబట్టి తీర్పు చెప్పలేను. కెమెరా వైరు తీసి, ఛార్జరు మీద రాత్రంతా నింపి, మళ్లీ కొలవండి. నలభై నిమిషాల ప్రయాణం ఖాళీ బ్యాటరీని నింపదు.

మిన్నెసోటా తెలుగువాడు:
ఒక సందేహం. సెల్ఫ్ కొట్టే క్షణంలో సాయం చేసే కారు ఇంజను నడుస్తూ ఉండాలా, ఆపాలా? నా కారు పుస్తకంలో నడుస్తూ ఉండాలని ఉంది.

ఆటోనగర్ పాతకాపు:
నేను ఐదారు నిమిషాలు నడిపించి, సెల్ఫ్ కొట్టే ముందు ఆపిస్తాను, ఆ భారమంతా అవతలి ఆల్టర్నేటరు మీద పడకూడదని. పుస్తకంలో నడపమని ఉన్న కార్లు చాలా ఉన్నాయి, వాటికి పుస్తకం ప్రకారమే పోవాలి. మా పక్క షాపు ఆయన ఎన్నడూ ఆపడు, మేమిద్దరం దీని మీద ఇంకా వాదించుకుంటూనే ఉన్నాము.

కాజీపేట పాఠకురాలు:
కెమెరా వైరు ఈ పూటే తీయించాను. ఛార్జరు రేపు వస్తుంది, కొలిచిన అంకె ఇక్కడే రాస్తాను.