మొదటి మార్కెటింగ్ ఎగ్జిక్యూటివ్: ప్రకటనలో ఏం రాయాల, ఇంటర్వ్యూకి ముందే పని ఇచ్చి చూడొచ్చా?

గానుగ_అనంత: అనంతపురంలో మాది గానుగ నూనె పని. చెనిక్కాయ, నువ్వులు, కొబ్బరి. నెలకు 300 ఆర్డర్లు, అందులో సగం బెంగళూరువే. ఇంతవరకు మార్కెటింగ్ అంతా నేనూ మా వదినా ఫోన్లోనే చూసుకున్నాం. ఇప్పుడు 22 వేల జీతంతో ఒకరిని పెట్టుకోవాలని ‘మార్కెటింగ్ ఎగ్జిక్యూటివ్ కావలెను’ అని ప్రకటన ఇస్తే 70 మంది అప్లికేషన్లు పంపించినారు. దాదాపు అందరూ బండేసుకొని అంగళ్లు తిరిగేవాళ్లే. ఈసారి ఏం రాయాల? ముందే మూడు నెలల ప్లాన్ రాసుకురమ్మంటే ఎక్కువైతాదా?

కొండారెడ్డి_బురుజు: వచ్చిన వాళ్ల తప్పేం లేదన్నా. మన సీమలో మార్కెటింగ్ అంటే బండి, పెట్రోలు ఖర్చు, టార్గెట్టు. ఆ అర్థాన్ని మీ ప్రకటన మొదటి రెండు వాక్యాలే పోగొట్టాల. పేరు మార్చాల్సిన పని లేదు, దాని కిందే సూటిగా రాయండి:

“ఇది అంగళ్లు తిరిగి ఆర్డర్లు తెచ్చే పని కాదు. వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో అడిగేవాళ్లను కొనేవాళ్లుగా మార్చడం, ఒకసారి కొన్నవాళ్లతో మళ్లీ కొనిపించడం మీ పని. ఆఫీసు అనంతపురంలో. జీతం 22,000. రోజులో సగం మెసేజ్‌లకు జవాబులు, ఫోన్లు. మిగతా సగం వారానికి మూడు పోస్టులు, చిన్న ప్రకటనలు, నెలాఖరు లెక్క.”

ఆ ‘సగం మెసేజ్‌లు’ అన్న ముక్క దాచొద్దు. అది చెప్పకుండా తీసుకుంటే, వీడియోలు చేద్దామని వచ్చిన పిల్లోడు రెండు నెలలకే పోతాడు. తర్వాత ఆరు నెలలకు ఏం మారాలనో ఒకే అంకె రాయండి. ‘బ్రాండ్‌ను పెంచాలి’ అని రాస్తే ఎవురూ కొలవలేరు. ‘ఒకసారి కొన్న 10 మందిలో ఇప్పుడు ముగ్గురు మళ్లీ కొంటాండారు, అది ఐదుగురు కావాల’ అంటే, పని తెలిసినోడికి వెంటనే అర్థమైతాది. ముందు మీ బిల్లు పుస్తకం తీసి నిజం అంకె చూసుకోండి, ఇది నేను ఊరికే రాసింది.

ఇంక వీడియో ఎడిటింగ్, డిజైన్, వెబ్‌సైట్, యాడ్స్, ఇంగ్లీషు, తెలుగు, కన్నడ అన్నీ వచ్చినోడు అని మాత్రం రాయొద్దు. అట్లాంటోడు ఉండొచ్చు, 22 వేలకు మాత్రం రాడు.

కడప_డీలర్: ఇదంతా ఎందుకన్నా? మా మసాలా పొడులకు ముగ్గురు కుర్రోళ్లను పెట్టినాం. జీతం 14 వేలు, కేసుకింత అని కమీషను, పెట్రోలు వేరే. పొద్దున పది అంగళ్లు, సాయంత్రం పది. లీటరుకు రెండు రూపాయలివ్వండి, వాళ్లే పరిగెత్తుతారు.

కొండారెడ్డి_బురుజు: అది మీ సరుకుకు సరిపోతాది. ఆయప్ప అడిగింది అంగడి అమ్మకం గురించి కాదు. పైగా గానుగ నూనె రేటు రిఫైండు నూనె కంటే చానా ఎక్కువ. అంగట్లో రెండూ పక్కపక్కన పెడితే అడిగిన ప్రతిసారీ ఎందుకో చెప్పాల, ఆ ఓపిక అంగడాయనకు ఉండదు.

హెచ్చార్_మేడం: రెజ్యూమె చూసి తెలిసేదేం లేదు, పని ఇచ్చి చూడాల్సిందే. మూడు నెలల ప్లాన్ అడగండి. నిజంగా ఉద్యోగం కావాల్సినోళ్లు రాత్రి కూర్చుని చేస్తారు, మిగతావాళ్లు వాళ్లంతట వాళ్లే తప్పుకుంటారు.

ఉద్యోగవేట: తప్పుకునేది చేతకానోళ్లు కాదు మేడం, చేతిలో ఇంకో ఉద్యోగం ఉన్నోళ్లు. ఒకచోట నేను 18 పేజీల ప్లాన్ పంపించినా. జవాబు రాలేదు కానీ, ఉగాదికి వాళ్ల పేజీలో నా ఆఫరే కనపడింది.

కొండారెడ్డి_బురుజు: పని ఇచ్చి చూడాలన్నది ఒప్పుకుంటా మేడం, ప్లాన్ మాత్రం వద్దు. మీ కొట్టు లెక్కలు తెలీకుండా రాసే ప్లాన్లన్నీ ఒకే మాదిరి ఉంటాయి: రీల్స్, ఇన్‌ఫ్లుయెన్సర్లు, పండగ ఆఫర్లు. నలుగురివి పక్కన పెడితే ఎవరిది మేలో మీకే తెలీదు. గంటన్నరలో అయ్యే పని, మూడు ముక్కలు చాలు. సరుకు కూడా మీది కాకుండా తేనెనో బెల్లమో ఇయ్యండి. అప్పుడు ‘నా ఐడియా వాడుకున్నారు’ అనే మాటే రాదు.

మొదటిది జవాబు రాయడం. “అంగట్లో సగం రేటుకే దొరుకుతాంది, మీదెందుకింత?” అన్న మెసేజ్ ఇచ్చి, వాట్సాప్‌లో ఏం రాస్తారో రాయమనండి. అవతలి సరుకును తిట్టకుండా, రెండు మూడు వాక్యాల్లో కారణం చెప్పి, చివర్లో ‘అర కిలో పంపమంటారా’ లాంటి అడుగు వేసినారా అని చూడాల. పేరా పేరాలు రాసినోడు ఫోన్లో ఎప్పుడూ అమ్మలేదని అర్థం.

రెండోది లెక్క. ఉత్తుత్తి అంకెలే ఇయ్యండి. ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనకు 6,000 ఖర్చు, 120 మంది అడిగినారు, 6 ఆర్డర్లు. బెంగళూరు అపార్ట్‌మెంట్‌లో స్టాలుకు 4,000 ఖర్చు, 60 మంది, 15 ఆర్డర్లు. ఇంకో 10,000 ఉంటే ఎక్కడ పెడతారు? భాగహారం అందరూ చేస్తారు: ఒకటి ఆర్డరుకు వెయ్యి, ఇంకోటి దాదాపు 267. అందుకే ‘స్టాలే మేలు’ అని రాసేస్తారు. మీరు పట్టికలో ఇంకో గడి పెట్టండి: ఇన్‌స్టాగ్రామ్ మెసేజ్ వచ్చిన సగటున 9 గంటల తర్వాత జవాబు. ‘ప్రకటన తప్పు కాకపోవచ్చు, జవాబు లేటైందేమో, ముందు అది సరిచేసి 2,000తో చూద్దాం’ అన్నోడిని వదులుకోవద్దు. స్టాలు లెక్కలో మనిషి కూలీ, బస్సు ఛార్జీలు కలిపినారా అని తిరిగి అడిగినోడైతే ఇంకా మేలు.

మూడోది చిన్న ఉచ్చు. ఈ ఒక్కదాంట్లో నూనె పేరే వాడండి. “గుండె జబ్బులు తగ్గించే నూనె అని ఓనరు పోస్టర్ వేయమన్నాడు, మీరేం చేస్తారు?” జబ్బు నయం చేస్తాది, రాకుండా ఆపుతాది అని తిండి వస్తువు ప్రకటనలో చెప్పుకోవడానికి ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 నిబంధనలు ఒప్పవు. నూనె లేబుల్ మీద ‘యాంటీ కొలెస్ట్రాల్’ లాంటి మాటలూ కుదరవు. నిబంధన నంబరు తెలీకపోయినా ఫర్వాలేదు, ‘ఇట్లా అనొచ్చా, కనుక్కుంటా’ అని ఆగితే చాలు. సరేనని అందంగా పోస్టర్ చేసిచ్చినోడు రేపు మీకు నోటీసు తెప్పిస్తాడు.

హెచ్చార్_మేడం: మూడోది బాగుంది. అయితే 70 మందికీ ఇవి పంపి, దిద్దేదెవరు?

కొండారెడ్డి_బురుజు: అందరికీ కాదు. అప్లికేషన్‌లోనే ఒక ప్రశ్న పెట్టండి: “మీరు నడిపిన ఏదైనా పేజీ లింకు పంపి, అందులో పనిచేయని పోస్టు ఒకటి చూపించి, ఎందుకు పనిచేయలేదో నాలుగు వాక్యాల్లో రాయండి.” చానామంది అక్కడే ఆగిపోతారు. పది పదిహేను మందితో పది నిమిషాలు ఫోన్లో మాట్లాడి, నలుగురికి మాత్రం ఆ గంటన్నర పని ఇయ్యండి. నలుగురికీ 500 ఫోన్‌పే చేయండి, తీసుకున్నా తీసుకోకున్నా. 2,000 ఖర్చు.

హెచ్చార్_మేడం: డబ్బులిచ్చేది నేనొప్పుకోను. గంటన్నర పనికి ఎవరూ ఇవ్వరు. ఇస్తే డబ్బు కోసమే చేసేవాళ్లొస్తారు.

ఉద్యోగవేట: నలుగురిని మీరే ఏరుకున్నాక డబ్బు కోసం వచ్చేదెవరు మేడం? 500 ఇయ్యకపోయినా సరే, వద్దంటే వద్దని ఒక మెసేజ్ పెట్టండి.

గానుగ_అనంత: 500 ఇస్తా, దాని గురించి గొడవ వద్దు. పేజీ నడపనోళ్ల సంగతేంది? మా వీధిలో ఒక పాప చీరల అంగట్లో వాట్సాప్ ఆర్డర్లు చూస్తాది, జవాబులు భలే రాస్తాది. పేజీ లేదు.

కొండారెడ్డి_బురుజు: అయితే ప్రశ్న మార్చండి, నేను రాసిన ప్రశ్న ఆ పాపనే తప్పిస్తాది. “పేజీ అయినా, వాట్సాప్ అమ్మకం అయినా” అని రాయండి. ఆ పాపకు ఇంకో ప్రశ్న వేసి చూడండి: 600 పాత నంబర్లకు బ్రాడ్‌కాస్ట్ పంపితే చానామందికి ఎందుకు చేరలేదని. ఒక లిస్టుకు 256 మందే పడతారు. వాళ్లకైనా మీ నంబరు వాళ్ల ఫోన్లో సేవ్ అయి ఉంటేనే అది అందుతాది. ఇది ఆ పని చేసినోళ్లకే తెలుస్తాది.

హెచ్చార్_మేడం: సగం ఆర్డర్లు బెంగళూరువని మొదట్లోనే రాసినారు. ఆ పాప ఇంగ్లీషులోనో కన్నడలోనో జవాబు రాయగలదా? మొదటి ముక్క తెలుగులో పెడితే మీకు తెలిసేది సగమే.

గానుగ_అనంత: బెంగళూరు వాళ్లలో మనోళ్లే ఎక్కువ, తెలుగులోనే అడుగుతారు. కానీ ఎంతమందో ఎప్పుడూ లెక్క పెట్టలేదు. ఈ రాత్రి మా వదిన, నేను పోయిన నెల చాట్లు తిరగేస్తాం.